‘అదిరిపోయిన ఫిబ్రవరి’ వెనక ఎన్ని నెలల డబ్బుంది?

స్టార్టప్ ఫౌండర్ ఇన్వెస్టర్లకు కబుర్లలా రాసే ఉత్తరాన్ని ఒక పేజీ నెలవారీ నివేదికగా మారిస్తే ఏం బయటపడుతుంది?

హైదరాబాద్‌లో ఓ స్టార్టప్‌ను ఊహించుకుందాం. టిఫిన్ సెంటర్లకు, కర్రీ పాయింట్లకు, మెస్‌లకు బియ్యం, పప్పులు, నూనె, కూరగాయలు సరఫరా చేయడం దాని పని. రాత్రి యాప్‌లో ఆర్డర్ పెడితే తెల్లారేసరికి సరుకు దుకాణం ముందుంటుంది. ఇద్దరు ఫౌండర్లు, పాతిక మంది సిబ్బంది, డజను మంది దాకా ఇన్వెస్టర్లు. ఆ ఇన్వెస్టర్లలో ఒక చిన్న ఫండ్ ఉంది, అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లు నలుగురైదుగురు ఉన్నారు, మిగిలినవాళ్లు ఫౌండర్లతో కలిసి చదువుకున్నవాళ్లు, పాత ఆఫీసులో పనిచేసినవాళ్లు. కంపెనీ కల్పితం, అంకెలు ఉదాహరణ కోసం వేసినవి. కానీ స్టార్టప్‌లలో డబ్బు పెట్టినవాళ్లకు ఈ కింది ఉత్తరం మాత్రం ఎక్కడో చదివినట్టే ఉంటుంది. మామూలుగా ఇంగ్లీషులో వెళ్లే ఉత్తరమే, ఇక్కడ తెలుగులో చూద్దాం.

“అందరికీ నమస్తే! ఫిబ్రవరి అదిరిపోయింది. టీమ్ అంతా రాత్రీ పగలూ కష్టపడింది. మొదటిసారి నెల అమ్మకాలు కోటి దాటాయి! జనవరి మీద దాదాపు 20 శాతం గ్రోత్, అదీ 28 రోజుల నెలలో. కస్టమర్లు 420కి చేరారు. రెండు పెద్ద కాలేజీ హాస్టళ్ల గ్రూపులు మనతో చేరాయి. వాళ్ల వంటశాలలు చూస్తే మతిపోతుంది, రోజుకు క్వింటాళ్ల కొద్దీ బియ్యం! అక్కడ చాలా పొటెన్షియల్ ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో కూడా మొదలుపెట్టబోతున్నాం. పేమెంట్లు కొంచెం లేటవుతున్నా ఫాలోఅప్ చేస్తున్నాం, కంగారు లేదు. నష్టం అదుపులోనే ఉంది, ఇంకో తొమ్మిది పది నెలలకు రన్‌వే ఉంది. మన కొనుగోళ్ల మేనేజర్ కొత్త ప్రయాణం మొదలుపెడుతున్నారు, ఆల్ ది బెస్ట్ చెబుదాం! ఎప్పటిలాగే మీ సపోర్ట్ కావాలి. తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే కనెక్ట్ చేయండి!”

ఇందులో కావాలని ఆడిన అబద్ధం ఒక్కటీ లేదు. చదివితే ఉత్సాహంగానే ఉంటుంది. ఇన్వెస్టర్ దీన్ని ఫోన్‌లో చూసి, బొటనవేలి బొమ్మ ఒకటి పెట్టి, తన పనిలో పడిపోతాడు. అంతకు మించి అతను చేయగలిగింది ఏమీ లేదు, ఎందుకంటే ఏం చేయాలో ఉత్తరం చెప్పలేదు. ఫౌండర్ కూడా పంపించేసి హాయిగా పడుకుంటాడు. చిక్కు అక్కడే ఉంది. ఈ ఉత్తరం ఇన్వెస్టర్‌కు చెప్పని విషయాలు చాలావరకు ఫౌండర్‌కూ తెలియవు. దీన్ని నివేదికగా తిరగరాయడమంటే మాటలు కుదించడం అనుకుంటారు. నిజానికి ఒక్కో వాక్యం కింద లెక్క వేసి చూడటం. అలా వేస్తూ పోతే ఏమవుతుందో వరసగా చూద్దాం.

మొదట బ్యాంకు బ్యాలెన్స్

నివేదికలో మొదటి గడి అమ్మకాలది కాదు, నెలాఖరున బ్యాంకులో ఉన్న సొమ్ముది. కారణం సులువు. అమ్మకాలను, కస్టమర్లను, గ్రోత్‌ను రకరకాలుగా లెక్కపెట్టవచ్చు. ఫలానా తేదీన ఖాతాలో ఎంత ఉందన్నది మాత్రం ఒకే లెక్క. స్టేట్‌మెంట్ తీస్తే చాలు.

మన కంపెనీ ఖాతాలో జనవరి నెలాఖరుకు కోటీ 22 లక్షలున్నాయి. ఫిబ్రవరి నెలాఖరుకు 96 లక్షలున్నాయి. అంటే ఒక్క నెలలో 26 లక్షలు తగ్గాయి. స్టార్టప్ భాషలో దీన్ని నెట్ బర్న్ అంటారు.

ఇప్పుడు నష్టం చూద్దాం. ఫిబ్రవరి అమ్మకాలు కోటీ 10 లక్షలు. సరుకు కొనడానికి అయింది 97 లక్షలు. మిగిలింది 13 లక్షలు. డెలివరీకి 8, జీతాలకు 11, గోడౌన్ అద్దె, సాఫ్ట్‌వేర్ వగైరాలకు 4, మొత్తం ఖర్చు 23 లక్షలు. నష్టం 10 లక్షలు. ఫౌండర్ 96ను ఈ పదితో భాగించి ‘తొమ్మిది పది నెలలు’ అన్నాడు.

నష్టం పదే అయితే బ్యాంకులో 26 ఎలా తగ్గింది? మిగతా 16 లక్షలు ఎటు పోయాయి? ఈ ప్రశ్నకు జవాబు రాయకుండా నివేదిక ముందుకు కదలకూడదు. లెడ్జర్ తీస్తే జవాబు దొరుకుతుంది. కస్టమర్ల నుంచి రావాల్సిన బాకీలు జనవరి చివర 31 లక్షలుండేవి, ఫిబ్రవరి చివరకు 49 లక్షలయ్యాయి. అంటే 18 లక్షల సరుకు అరువు మీద వెళ్లింది. మనం సరుకు కొన్నవాళ్లకు ఇవ్వాల్సినదాంట్లో 2 లక్షలు ఆపాం. పది నష్టం, పద్దెనిమిది అరువు, అందులోంచి రెండు తీసేస్తే సరిగ్గా 26. లెక్క కుదిరింది.

ఇక రన్‌వే, అంటే ఉన్న డబ్బు ఇంకా ఎన్ని నెలలు వస్తుందన్నది. ఫిబ్రవరి వేగంతోనే పోతే 96ను 26తో భాగించాలి, నాలుగు నెలలు కూడా రాదు. ఒక్క నెలను పట్టుకుని తీర్పు చెప్పడం సరికాదు కనుక మూడు నెలల సగటు తీసుకోవడం వాడుక. డిసెంబర్‌లో 14, జనవరిలో 17, ఫిబ్రవరిలో 26 లక్షలు తగ్గాయి కాబట్టి సగటు 19. ఆ లెక్కన ఐదు నెలలు, అంటే జూలై చివరి దాకా. నివేదికలో రెండూ రాయాలి. సగటు ఒక్కటే రాస్తే, తగ్గుదల నెలనెలా పెరుగుతోందన్న సంగతి దాని కింద దాక్కుంటుంది.

పది నెలల రన్‌వే ఉందనుకునే ఫౌండర్ దిల్‌సుఖ్‌నగర్‌లో గోడౌన్ వెతుకుతాడు. ఐదు నెలలే ఉందని తెలిసినవాడు ఆ పని ఆపుతాడు. కొత్త పెట్టుబడి కోసం తిరగడం మొదలుపెట్టిన రోజు నుంచి డబ్బు ఖాతాలో పడే రోజుకు నెలలు పడుతుంది. మాటలు, పత్రాల పరిశీలన, ఒప్పందాలు, వాటాల జారీ, అన్నీ ఆ వరసలోవే. ఐదు నెలల మీదున్న కంపెనీ ఆ తిరుగుడును ‘వచ్చే క్వార్టర్ చూద్దాం’ అనుకోడానికి లేదు.

పెరిగింది ఏ అమ్మకం?

ఉత్తరంలో అందరి కళ్లూ పడే మాట ‘20 శాతం గ్రోత్’. జనవరిలో 92 లక్షలు, ఫిబ్రవరిలో కోటీ 10 లక్షలు. శాతం సరిగ్గానే ఉంది. ఇక అడగాల్సింది, పెరిగిన 18 లక్షలు ఎవరి దగ్గర్నుంచి వచ్చాయని.

అమ్మకాలను రెండుగా విడదీస్తే బొమ్మ మారిపోతుంది. రెండు హాస్టల్ గ్రూపులు జనవరిలో 14 లక్షల సరుకు తీసుకున్నాయి, ఫిబ్రవరిలో 30 లక్షలది. అంటే పెరుగుదలలో 16 లక్షలు వాళ్లదే. టిఫిన్ సెంటర్లు, కర్రీ పాయింట్ల అమ్మకం 78 నుంచి 80 లక్షలకు చేరింది. ఏ వ్యాపారం చేస్తామని చెప్పి ఈ కంపెనీ పెట్టుబడి తెచ్చుకుందో, ఆ వ్యాపారం పెరిగింది రెండున్నర శాతం.

ఇక మిగులు. చిన్న దుకాణాలకు అమ్మే ప్రతి వంద రూపాయల మీద సరుకు ధర పోను 14 రూపాయలు మిగులుతున్నాయి. హాస్టళ్లు టోకున కొంటాయి, గీచిగీచి బేరమాడతాయి, వాటి మీద మిగిలేది ఐదున్నర. అందుకే అమ్మకం 18 లక్షలు పెరిగినా మిగులు 12 నుంచి 13 లక్షలకే వచ్చింది. ఆ పెరిగిన ఒక్క లక్ష కూడా డెలివరీ ఖర్చులో పోయింది.

‘420 మంది కస్టమర్లు’ అన్న మాటనూ ఇలాగే తరచి చూడాలి. ఈ 420 యాప్‌లో ఇప్పటిదాకా ఎప్పుడో ఒకసారి ఆర్డర్ పెట్టినవాళ్ల మొత్తం. ఇలాంటి మొత్తాలు ఎప్పటికీ తగ్గవు. దుకాణం మూతపడినా ఆ లెక్కలోంచి పోదు. నెలలో కనీసం నాలుగుసార్లు ఆర్డర్ పెట్టినవాళ్లను మాత్రమే లెక్కిస్తే 262 దుకాణాలు తేలాయి. జనవరిలో 255. ఇదీ అసలు అంకె. కబుర్ల ఉత్తరాన్ని గుర్తుపట్టడానికి ఇదొక మంచి గుర్తు. అందులో ఎప్పుడూ పెరిగే అంకెలే ఉంటాయి, తగ్గడానికి వీలున్న అంకె ఒక్కటీ ఉండదు.

ఇక్కడి దాకా వచ్చాక ఇంకో చిన్న లెక్క వేయాలి. వై కాంబినేటర్ వ్యవస్థాపకుల్లో ఒకరైన పాల్ గ్రాహం 2015లో ఒక వ్యాసంలో ఫౌండర్లను ఈ ప్రశ్న వేసుకోమన్నాడు: ఖర్చు ఇలాగే ఉండి, ఆదాయం ఈ మధ్య పెరుగుతున్నట్టే పెరిగితే, చేతిలో ఉన్న డబ్బుతోనే లాభంలోకి వస్తామా? మన కంపెనీకి నెలకు నష్టం 10 లక్షలు. దుకాణాల మీద మిగిలేది వందకు 14 కాబట్టి, ఆ నష్టం పూడాలంటే నెలకు ఇంకో 70 లక్షలకు పైగా అమ్మకం కావాలి. ఇప్పుడు నెలకు పెరుగుతున్నది 2 లక్షలు. ఈ నడకతో దాదాపు మూడేళ్ల పని. ఉన్న డబ్బు ఐదు నెలలు. డెలివరీ ఖర్చు పెరగదనుకుని వేసినా లెక్క ఇలా తేలింది. ‘అదిరిపోయిన ఫిబ్రవరి’ నిజంగా చెప్పాల్సిన వార్త ఇదే. రాసే పద్ధతి మార్చేదాకా ఇది ఫౌండర్ చెవిన కూడా పడలేదు.

రిస్క్ అంటే తేదీ ఉండాలి

చాలా నివేదికల్లో రిస్కుల కింద ‘పోటీ పెరుగుతోంది’, ‘మార్కెట్ పరిస్థితులు’ లాంటి మాటలు కనిపిస్తాయి. అవి ఏ కంపెనీకైనా సరిపోతాయి కనుక దేనికీ పనికిరావు. పనికొచ్చే రిస్క్‌లో నాలుగు సంగతులుండాలి: ఏం జరగవచ్చు, ఎప్పుడు, జరిగితే ఎంత దెబ్బ, దానికి మనం ఏం చేస్తున్నాం. ఐదోది కూడా ఉంటే ఇంకా మేలు. పరిస్థితి చేజారుతోందని ఏ అంకె చూసి తెలుసుకోవాలన్నది.

మన ఉత్తరంలో మూడు రిస్కులున్నాయి, మూడూ మంచి మాటల వెనక దాక్కున్నాయి.

మొదటిది హాస్టళ్లు. తెలుగునాట చదువుకున్న ఎవరికైనా తెలిసిందే, ఇంటర్ పరీక్షలు మార్చిలో అయిపోతాయి, పిల్లలు పెట్టెలు సర్దుకుని ఊళ్లకు పోతారు. ఈఏపీసెట్ కోచింగ్‌కు ఉండిపోయే కొందరు తప్ప ఏప్రిల్, మే నెలల్లో వంటశాలలు చల్లబడతాయి. మళ్లీ జూన్‌లోనే పొయ్యి వెలిగేది. అంటే 30 లక్షల అమ్మకం ఐదారు లక్షలకు పడిపోతుంది. అమ్మకం పోవడం పెద్ద దెబ్బ కాదు, దాని మీద మిగిలేదే తక్కువ. దెబ్బంతా బాకీలో ఉంది. మొత్తం 49 లక్షల్లో 33 లక్షలు ఈ ఇద్దరి దగ్గరే ఆగాయి. రేపు ఉదయం సరుకు కావాలి అన్నంత కాలం హాస్టల్ మేనేజర్ ఫోన్ ఎత్తుతాడు, ఎంతో కొంత కడతాడు. సెలవులొచ్చాక అతనికి మనతో జూన్ దాకా పనిలేదు. కాబట్టి వసూలుకు బలం ఉన్నది మార్చిలోనే. ఉత్తరంలో ‘కంగారు లేదు’ అన్న వాక్యం ఉన్న చోట నివేదికలో ఒక పరిమితి ఉండాలి: మార్చి 31కి హాస్టళ్ల బాకీ 20 లక్షలు మించకూడదు, పాత బిల్లు కట్టిన మేరకే కొత్త సరుకు.

రెండోది నగదు. దీనికి ముందే ఒక గీత గీసుకోవాలి. ఏప్రిల్ చివరకు ఖాతాలో 70 లక్షల కంటే తగ్గితే ఏం ఆపుతామో ఇప్పుడే రాసిపెట్టుకోవాలి. డబ్బు తగ్గిన రోజున తీసుకునే నిర్ణయంలో భయం ఉంటుంది, ముందే రాసుకున్నదాంట్లో లెక్క ఉంటుంది.

మూడోది ‘కొత్త ప్రయాణం’. బోయిన్‌పల్లి మార్కెట్‌లో కూరగాయలు, బేగంబజార్‌లో పప్పులు, నూనె ఏ రోజు ఎవరి దగ్గర ఏ ధరకు కొనాలో తెలిసిన మనిషి వెళ్లిపోతున్నాడు. వ్యాపారులతో అరువు మాటలన్నీ అతని ఫోన్‌లోనే ఉన్నాయి. వందకు 14 మిగలడంలో అతని బేరం పాలు ఎంతో ఎవరూ విడిగా లెక్కపెట్టలేదు. ఒక్క రూపాయి పోయినా, అంటే 14 కాస్తా 13 అయినా, దుకాణాల అమ్మకం మీద నెలకు 80 వేలు పోతాయి. ఇది శుభాకాంక్షలతో సరిపెట్టే విషయం కాదు. మంచి మాటల్లో చుట్టి చెప్పిన చెడ్డ వార్త ఇన్వెస్టర్‌కు ఎప్పటికైనా తెలుస్తుంది. అప్పుడు పోయేది ఆ ఒక్క వార్త మీద నమ్మకం కాదు, పాత ఉత్తరాలన్నిటి మీదా.

ఏం కావాలో అడగడం

‘తెలిసినవాళ్లుంటే కనెక్ట్ చేయండి’ అని పన్నెండు మందిని అడిగితే ఒక్కరూ కదలరు. ఎవరిని తెలిసి ఉండాలి? ఎందుకు? పన్నెండు మందిలో ఎవరు? చదివినవాడు ఆలోచించి, తన ఫోన్‌లో పేర్లు వెతికి, మన తరఫున ఉత్తరం కూడా తనే రాయాలి. అంత తీరిక ఎవరికీ ఉండదు. మంచి అడుగుడులో ఆ పనంతా అడిగేవాడే ముందు చేసిపెడతాడు.

మన కంపెనీకి ఇప్పుడు కావలసింది త్వరగా డబ్బు కట్టే కస్టమర్లు. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో క్యాంటీన్లు నడిపే కాంట్రాక్టర్లలో పదిహేను రోజుల్లో చెల్లించేవాళ్లు ఉంటే వాళ్లు కావాలి. ఇన్వెస్టర్లలో ఇద్దరు ఐటీ కంపెనీల్లో పెద్ద హోదాల్లో ఉన్నారు. అడగాల్సింది ఆ ఇద్దరిని, పేరు పెట్టి. ‘మీ క్యాంపస్ క్యాంటీన్ కాంట్రాక్టర్‌కు ఈ నాలుగు వాక్యాలు పంపగలరా?’ అని, ఆ నాలుగు వాక్యాలూ కిందే రాసి ఇవ్వాలి. వాళ్లకు మిగిలే పని ఫార్వర్డ్ నొక్కడం.

కొనుగోళ్ల మేనేజర్ విషయంలోనూ అంతే. ‘మంచి మనిషి కావాలి’ అంటే ఎవరి బంధువో వస్తాడు. ‘హోల్‌సేల్ కిరాణాలో ఐదేళ్లు పనిచేసి, బేగంబజార్ వ్యాపారులతో పరిచయం ఉన్నవాడు, మార్చి 20 లోపు’ అంటే సరైనవాడు తగలడానికి వీలుంటుంది.

అడగకూడనిది కూడా ఒకటి చెప్పుకోవాలి. ఇలాంటి సమయంలో ఫౌండర్‌కు తట్టే మొదటి ఆలోచన ‘బ్యాంకు వాళ్లెవరైనా తెలుసా, ఓవర్‌డ్రాఫ్ట్ ఇప్పించండి’ అని. నష్టంలో నడుస్తున్న, తాకట్టుకు ఆస్తి లేని కంపెనీకి బ్యాంకు అంత తేలిగ్గా పరిమితి ఇవ్వదు. ఇచ్చినా ఫౌండర్ సొంత పూచీకత్తు అడుగుతుంది. హాస్టల్ బాకీని అప్పుతో పూడిస్తే బాకీ అలాగే ఉంటుంది, వడ్డీ కొత్తగా చేరుతుంది. ఆ అడుగుడు నివేదికలో ఉంటే, ఫౌండర్‌కు జబ్బేమిటో ఇంకా తెలియలేదని చదివేవాళ్లకు అర్థమవుతుంది.

తిరగరాసిన నివేదిక

ఇప్పుడు మొత్తం కలిపి చూద్దాం. తొలి ఉత్తరంలో ఉన్న సంగతులే, ఒక పేజీలో:

ఫిబ్రవరి నివేదిక (మార్చి 8న పంపింది)

మూడు ముక్కల్లో: అమ్మకాలు మొదటిసారి కోటి దాటాయి, కానీ పెరిగిందాంట్లో చాలావరకు హాస్టళ్ల అరువు అమ్మకమే. మూడు నెలల సగటున ఐదు నెలలకు, ఫిబ్రవరి వేగంతో నాలుగు నెలల లోపుకే డబ్బుంది. దిల్‌సుఖ్‌నగర్ విస్తరణ ఆపాం.

| అంకెలు (రూ. లక్షల్లో) | జనవరి | ఫిబ్రవరి |
|---|---|---|
| నెలాఖరున బ్యాంకులో | 122 | 96 |
| నెలలో తగ్గిన నగదు | 17 | 26 |
| అమ్మకాలు (జీఎస్టీ కాకుండా) | 92 | 110 |
| అందులో హాస్టళ్లవి | 14 | 30 |
| సరుకు ధర పోను మిగులు | 12 | 13 |
| నష్టం | 9 | 10 |
| రావాల్సిన బాకీలు | 31 | 49 |
| నెలలో 4 ఆర్డర్లు దాటిన దుకాణాలు (సంఖ్య) | 255 | 262 |

నష్టం 10, నగదు తగ్గింది 26. ఎందుకు? బాకీలు 18 పెరిగాయి, మేం ఇవ్వాల్సినవి 2 పెరిగాయి.

రిస్కులు: (1) ఏప్రిల్, మే నెలల్లో హాస్టళ్లు ఖాళీ. వాళ్ల బాకీ 33 లక్షలు, అందులో జనవరి బిల్లులు 3 లక్షలు గడువు దాటాయి. మార్చి 31కి 20 లక్షల లోపుకు తెస్తాం. పాత బిల్లు కట్టిన మేరకే కొత్త సరుకు. (2) ఏప్రిల్ 30కి ఖాతాలో 70 లక్షల కంటే తగ్గితే ఖాళీగా ఉన్న రెండు ఉద్యోగాలు భర్తీ చేయం, ఫౌండర్ల జీతం సగం. (3) కొనుగోళ్ల మేనేజర్ మార్చి 31న వెళ్తున్నారు. వ్యాపారుల జాబితా, ధరలు, అరువు షరతులు రాతలోకి తెస్తున్నాం. అప్పటిదాకా ఒక ఫౌండర్ రోజూ ఆయనతో మార్కెట్‌కు వెళ్తారు.

మీ నుంచి కావలసినవి: (1) క్యాంటీన్ కాంట్రాక్టర్లకు పరిచయం. ఐటీ కంపెనీల్లో ఉన్న మీ ఇద్దరికీ విడిగా రాశాం, పంపాల్సిన మాటలు కింద ఉన్నాయి. (2) హోల్‌సేల్ కిరాణా అనుభవం ఉన్న కొనుగోళ్ల మేనేజర్, మార్చి 20 లోపు. (3) జూన్‌లో హాస్టళ్లను మళ్లీ తీసుకోవాలా వద్దా? మార్చి 14న అరగంట కాల్, ఫండ్ తరఫువారు తప్పకుండా ఉండాలని మనవి.

గత నెల అన్నవి: 280 దుకాణాలు చేరతామన్నాం, 262 దగ్గర ఆగాం. డెలివరీ రూట్లు మారుస్తామన్నాం, కూకట్‌పల్లిలో మార్చాం, అమీర్‌పేట మిగిలింది.

ఈ పేజీ చదవడానికి మూడు నిమిషాలు చాలు. చివరి భాగం చిన్నదే అయినా దాన్ని వదిలేయకూడదు. గత నెల ఏం చెప్పామో పక్కన పెట్టి చూపించే అలవాటు లేకపోతే, ప్రతి నెలా కొత్త లక్ష్యాలు పుట్టుకొస్తూ ఉంటాయి, పాతవి ఎవరికీ గుర్తుండవు.

తూకం మారకూడదు

నివేదిక మొదలుపెట్టిన రెండు మూడు నెలల్లో వచ్చే తెగులు ఒకటుంది. ఒక అంకె బాగాలేదని దాని నిర్వచనం మారుస్తారు. ‘నాలుగు ఆర్డర్లు దాటిన దుకాణాలు’ కాస్తా ‘రెండు ఆర్డర్లు దాటినవి’ అవుతుంది. లేదంటే ఆ వరసే మాయమై, దాని చోట యాప్ డౌన్‌లోడ్‌లు ప్రత్యక్షమవుతాయి. నిర్వచనం మార్చక తప్పని సందర్భాలుంటాయి. అప్పుడు పాత పద్ధతిలో ఎంత, కొత్త పద్ధతిలో ఎంత, రెండూ ఒకటి రెండు నెలలు పక్కపక్కనే చూపాలి.

అంకె నిజమో కాదో చూసుకోవడానికి బయట ఒక సాక్ష్యం కూడా ఉంది. నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేసే కంపెనీ గత నెల అమ్మకాల వివరాల జీఎస్‌టీఆర్-1ను 11వ తేదీలోపు, పన్ను కట్టే జీఎస్‌టీఆర్-3బీని 20వ తేదీలోపు దాఖలు చేయాలి. ఇన్వెస్టర్లకు చెప్పిన అమ్మకం, ప్రభుత్వానికి చెప్పిన అమ్మకం ఒకటేనా అని అకౌంటెంట్ చేత సరిచూపించుకోవాలి. తేడా ఉంటే సాధారణంగా కారణం చిన్నదే. తిరిగొచ్చిన సరుకు తీసేయకపోవడమో, జీఎస్టీ కలిపి చూపడమో అయి ఉంటుంది. ఆ చిన్నది అప్పుడే దిద్దుకోకపోతే తర్వాత పెట్టుబడి పెట్టేవాళ్లు లెక్కలు తనిఖీ చేసినప్పుడు అదే పెద్దదై కూర్చుంటుంది. 2023 జనవరిలో కార్ల సర్వీసింగ్ స్టార్టప్ గోమెకానిక్ సహ వ్యవస్థాపకుడు తమ ఆర్థిక లెక్కలు చూపడంలో తప్పులు జరిగాయని బహిరంగంగానే ఒప్పుకున్నాడు. కంపెనీ సిబ్బందిలో చాలామందికి ఉద్యోగాలు పోయాయి.

షేర్‌హోల్డర్ల ఒప్పందం కూడా ఒకసారి తెరిచి చూసుకోవడం మంచిది. ఫండ్‌లు పెట్టుబడి పెట్టేటప్పుడు నెల ముగిసిన ఇన్ని రోజుల్లోగా లెక్కలు పంపాలన్న షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. వాట్సాప్‌లో పెట్టిన ‘అదిరిపోయింది’ ఆ షరతును తీర్చదు. అలాగే ఈ పేజీ చేతులు మారుతుందన్న ఎరుకతో రాయాలి. హాస్టళ్ల పేర్లు, వ్యాపారులు ఇచ్చిన ధరలు, ఎవరి జీతం ఎంతో ఇందులో అక్కర్లేదు. ఏదైనా ఇన్వెస్టర్‌కు పోటీ కంపెనీలో కూడా వాటా ఉండవచ్చు.

అయితే ఒక పేజీ నివేదికకూ గుడ్డి మచ్చలున్నాయి. మార్చి నివేదికనే తీసుకోండి. హాస్టళ్లు ఫిబ్రవరి బాకీ కట్టేసి, మార్చిలో 20 లక్షల సరుకే తీసుకున్నాయనుకుందాం. మిగతావన్నీ యథాతథమైతే బాకీలు 13 లక్షలు తగ్గుతాయి. నష్టం పది లక్షలున్నా బ్యాంకు బ్యాలెన్స్ 3 లక్షలు పెరుగుతుంది. బర్న్ లేదు, రన్‌వేకు హద్దే లేదు అన్నట్టు కనిపిస్తుంది. అది పాత అరువు తిరిగి రావడమే తప్ప వ్యాపారం బాగుపడటం కాదు. నష్టం, నగదు మార్పు రెండిటినీ పక్కపక్కన పెట్టి, మధ్య తేడా ఎందుకొచ్చిందో ఒక్క వాక్యం రాయమనేది ఇందుకే. ఫిబ్రవరిలో ఆ వాక్యం ఫౌండర్‌ను భయపెట్టింది. మార్చిలో అదే వాక్యం అతన్ని సంబరపడకుండా ఆపాలి. ‘అదిరిపోయిన మార్చి’ అని ఉత్తరం మొదలుపెట్టే ముందు అతను చూడాల్సిన గడి దుకాణాలది. 262 ఎంతయింది?